వాన వెలిశాక ఏరిన పుట్టగొడుగులు: తినకముందు చూడవలసినవి, తిన్నాక అనుమానం వస్తే చేయవలసినవి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ఊళ్ల నుంచి ప్రతి ఏడాదీ వానలు మొదలవగానే అదే ప్రశ్న వస్తుంది: "పుట్టగొడుగులు ఏరుకొచ్చాము, వెండి ఉంగరం వేసి ఉడికించాము, నల్లబడలేదు, తినవచ్చా?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెబితే సరిపోదని, ఏరడం దగ్గర నుంచి ఆసుపత్రి దాకా వరుసగా రాయవలసిందేనని చాలాకాలంగా అనుకుంటున్నాను. మెట్ట ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసినందున ఇందులో కొంత కళ్లారా చూసినదే ఉంది.

మన వైపు ఎక్కువ మందిని మోసం చేసే తెల్ల గొడుగుల గురించే ప్రధానంగా చెబుతాను. ఇప్పటికే తినేసి అనుమానంతో చదువుతున్నవారు మిగతాదంతా వదిలి నేరుగా 5వ భాగానికి వెళ్లండి.

## 1. ఏరడానికి వెళ్లే ముందు

ప్రకాశం మెట్టల్లో జూన్, జూలై వానలకే గొడుగులు లేస్తాయి. నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి అప్పుడే ఎక్కువగా కనిపిస్తాయి. రెండు మూడు రోజులు ముసురు పట్టి, తర్వాత ఒక ఉక్క ఉదయం వచ్చిందంటే పుట్టల దగ్గర, పెంటదిబ్బల మీద, పచ్చిక బయళ్లలో, గడ్డివాముల అడుగున ఒకేసారి లేస్తాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఉదయం, ఒకే చేలో, పక్కపక్కనే తినదగినదీ విషపుదీ లేస్తాయి.

అందువల్ల ఒక చోటు గొడుగులు ఒక సంచిలో, మరో చోటు గొడుగులు మరో సంచిలో ఉండేలా చూసుకోవాలి. సంచులు కాగితంవో గుడ్డవో కావాలి. ప్లాస్టిక్ కవరులో వేస్తే ఆవిరి పట్టి రెండు గంటల్లోనే మెత్తబడతాయి, మంచి రకం కూడా చెడిపోయి వాంతులు తెప్పిస్తుంది.

తీసుకువెళ్లవలసినవి:

- చిన్న గునపం లేదా తొలిక
- నాలుగైదు కాగితపు సంచులు, ఒక పెన్ను
- ఫోటో తీయడానికి ఫోను

మిరప, పొగాకు, పత్తి చేల గట్ల మీద, పురుగుమందు కొట్టిన చోట లేచిన గొడుగులను ఏ రకమైనా ఏరవద్దు. పుట్టగొడుగు నేలలోని తేమతోపాటు అందులో ఉన్నదాన్నీ పీల్చుకుంటుంది. ఈ మాట 6వ భాగంలో మళ్లీ అవసరపడుతుంది.

## 2. ఏరేటప్పుడు: కాడ విరచవద్దు, అడుగుదాకా తవ్వండి

చాలామంది కాడను నేలకు పైన విరిచి తెస్తారు. గుర్తుపట్టడానికి కావలసిన ఆనవాళ్లలో సగం మట్టిలోనే ఉండిపోతాయి.

చెదపుట్టల మీద లేచే అసలు పుట్టగొడుగు పుట్ట లోపల చెదలు పెంచుకునే బూజు గూటి నుంచి పుడుతుంది. అందుకే చాలా రకాల్లో దాని కాడ నేలలోకి సన్నని వేరులాగా జానెడు, ఒక్కోసారి మూరెడు దాకా దిగి ఉంటుంది. గొడుగు నడినెత్తిన గట్టిగా, మొనదేలిన బుడిపె ఉంటుంది. గునపంతో పక్కనుంచి తవ్వి, ఆ వేరు తెగకుండా పైకి తీసి చూడండి.

దానితో పోలిక కలిసే విషపు గొడుగు పచ్చికలోను, పశువుల పేడ కలిసిన మన్నులోను, ఇంటి పెరట్లోను లేస్తుంది. అరచేయంత తెల్లని గొడుగు, నడుమ గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ చెదిరిన పొలుసులు, కాడ చుట్టూ పైకీ కిందికీ జరిగే ఉంగరం, అడుగున చిన్న ఉల్లిగడ్డలాంటి ఉబ్బు దీని ఆనవాళ్లు. వేరులాంటి తోక ఉండదు. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకులు కూడా తెల్లగానే ఉండి, ముదిరేకొద్దీ ఆకుపచ్చగా మారతాయి. శాస్త్రజ్ఞులు దీన్ని క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అంటారు, నేను పెరటి తెల్ల గొడుగు అంటాను. ఉష్ణ దేశాల్లో ఎక్కువ మందిని ఆసుపత్రి పాలు చేసే పుట్టగొడుగుల్లో ఇది ముందుంటుంది.

"పుట్ట దగ్గర ఏరాము కాబట్టి మంచివే" అన్న మాట నమ్మదగినది కాదు. చెదలు వదిలేసిన పాత పుట్ట ఉత్త మట్టిదిబ్బ. దాని మీద ఏదైనా లేవవచ్చు. నిరుడు అక్కడే ఏరి తిన్నామన్నది కూడా అంతే, నిరుడు లేచినదే ఈ ఏడు లేవాలని లేదు.

గడ్డివాము దగ్గర మరొక జాగ్రత్త ఉంది. వరిగడ్డి మీద వచ్చే తినదగిన గొడుగు మొదట కోడిగుడ్డులాగా ఒక పొరలో మూసుకుని ఉంటుంది, విచ్చుకున్నాక ఆ పొర కాడ అడుగున సంచిలాగా మిగులుతుంది. ప్రాణాలు తీసే అమనైటా జాతి గొడుగులు కూడా సరిగ్గా అలాగే గుడ్డులా పుట్టి, అలాగే అడుగున సంచి మిగుల్చుతాయి. గుడ్డు దశలో ఈ రెండింటినీ కంటితో వేరు చేయడం సాధ్యపడే పని కాదు. కాబట్టి గుడ్డులాంటివీ, కాడ అడుగున సంచి ఉన్నవీ ఏరవద్దు. వరిగడ్డి పుట్టగొడుగు తినాలనుంటే పెంచినవి కొనుక్కోండి.

ఏరిన ప్రతి చోటా నాలుగు ఫోటోలు తీయండి:

- పైనుంచి గొడుగు
- కిందినుంచి రేకులు
- మట్టి దులిపిన తర్వాత కాడ అడుగు
- లేచిన చోటు, చుట్టూ ఉన్న చెట్టు లేదా పుట్ట

ఈ ఫోటోలు తినవచ్చని తేల్చుకోవడానికి పనికిరావు. ఏదైనా జరిగితే వైద్యుడి చేతికి ఇవ్వడానికి తీస్తున్నాము.

## 3. ఒక రాత్రి కాగితం మీద ఉంచి చూడటం

ఇంట్లో చేయగల పరీక్షల్లో నేను విలువనిచ్చేది ఇదొక్కటే. ఇది కూడా పారేయవలసినదాన్ని పట్టిస్తుందే కాని, తినదగినదని ఎన్నడూ చెప్పదు.

1. బాగా విచ్చుకున్న గొడుగును ఎంచుకుని, కాడను గొడుగుకు సమంగా కోయండి.
2. గాజు పలకను కాగితం మీద పెట్టి, గొడుగు రేకులు కిందికి ఉండేలా దాని మీద బోర్లించండి. గాజు ఉంటే మంచిది, ఎందుకంటే తర్వాత దాన్ని తెల్ల కాగితం మీదా నల్ల కాగితం మీదా పెట్టి చూడవచ్చు.
3. గాలి తగలకుండా పైన స్టీలు గిన్నె మూసి, పిల్లలకు అందని చోట ఆరు నుంచి పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి.
4. ఉదయం గొడుగును నిటారుగా పైకెత్తండి.

రేకుల మధ్య నుంచి రాలిన సన్నని పొడి, గొడుగు రేకుల వరుసలను గీతలు గీసినట్టు గాజు మీద అచ్చు వేసి ఉంటుంది. పెరటి తెల్ల గొడుగు అయితే ఆ అచ్చు పాచిపట్టిన నీళ్లతొట్టి గోడ రంగులో, మసక పచ్చగా కనిపిస్తుంది. రాత్రి బోర్లించినప్పుడు పాలలా తెల్లగా ఉన్న రేకులు ఉదయానికి అంత పచ్చటి పొడి రాల్చడం ఒక్కసారి చూస్తే, కంటిని ఎంతవరకు నమ్మవచ్చో తెలిసిపోతుంది.

ఆకుపచ్చని అచ్చు పడితే పారేయండి. స్వచ్ఛమైన తెల్లని అచ్చు పడినా పారేయండి, ఎందుకంటే అమనైటా గొడుగులు, వాటి విషాన్నే మోసే లెపియోటా అనే చిన్న పొలుసుల గొడుగులు తెల్లని పొడినే రాలుస్తాయి. చెదపుట్ట గొడుగు పొడి లేత గులాబీ వన్నెలో ఉంటుంది. అయినా ఆ వన్నె పడినంత మాత్రాన తినవచ్చని కాదు, అదే వన్నె పొడి రాల్చే విషపు రకాలూ ఉన్నాయి. అచ్చు రంగు, వేరులా దిగిన కాడ, నెత్తిన మొనదేలిన బుడిపె, ఉంగరమూ సంచీ లేకపోవడం, సజీవమైన పుట్ట, ఇవన్నీ కలిసి, ఆ రకాన్ని ఏళ్లుగా ఎరిగిన మనిషి కూడా ఔనన్నప్పుడే ముందుకు వెళ్లాలి. ఒక్కటి తప్పినా వదిలేయాలి.

మరో పరిమితి ఉంది. ఒక గొడుగు అచ్చు ఆ ఒక్క గొడుగు సంగతే చెబుతుంది, సంచిలోని మిగతా ఇరవై గురించి చెప్పదు. విచ్చుకోని మొగ్గలు పొడి రాల్చవు కాబట్టి వాటిని పరీక్షించే దారే లేదు, వండవద్దు. ముట్టుకున్నంత మాత్రాన విషం ఎక్కదు, చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

## 4. ఇంటి పరీక్షలు ఎందుకు నిలవవు

ఇంటి పరీక్షలన్నిటికీ పునాది ఒకే నమ్మకం: పుట్టగొడుగు విషం అన్నది ఒకటే పదార్థమని, దాన్ని పట్టే ఉపాయం ఒకటి ఉంటుందని. నిజానికి ఒక్కో జాతిలో ఒక్కో రసాయనం ఉంటుంది. ఒకటి కడుపును చెరుపుతుంది, ఒకటి నరాల మీద పనిచేస్తుంది, ఒకటి కాలేయ కణాలను లోపలినుంచి చంపుతుంది. వీటన్నిటికీ కలిపి ఒక వెండి ఉంగరం సాక్ష్యం చెప్పలేదు.

వెండి నల్లబడటం. వెండి గంధకం తగిలితే నల్లబడుతుంది. ఉడికించిన కోడిగుడ్డు తినడానికి వాడిన వెండి చెంచా నల్లబడేది అందుకే, గుడ్డులో విషముండి కాదు. అమనైటా, లెపియోటా గొడుగుల్లో ఉండి కాలేయాన్ని చంపే అమాటాక్సిన్ అన్న విషం వెండిని ఏమీ చేయదు. ఉంగరం తళతళలాడుతూనే ఉంటుంది, కూర మాత్రం ప్రాణాంతకం. వెల్లుల్లి, ఉల్లి, బియ్యం వేసి రంగు చూడటం కూడా ఇదే కోవలోది. అక్కడ కనిపించే రంగు ఆ వెల్లుల్లిలోనో పుట్టగొడుగులోనో జరిగే మామూలు మార్పు.

పురుగులు తిన్నాయి కాబట్టి మంచిది. ఈ నమ్మకం చాలా బలమైనది, చూడటానికి న్యాయంగానూ ఉంటుంది. కాని పురుగు శరీరం మన శరీరం కాదు. అమాటాక్సిన్ ఉన్న గొడుగుల్లోనే గుడ్లు పెట్టి, అందులోనే పెరిగే చిన్న ఈగల జాతులు ఉన్నాయి. నత్తలు, కుందేళ్లు మనకు విషమైనవాటిని తిని తిరుగుతుంటాయి.

బాగా ఉడికిస్తే విషం పోతుంది. ఈ మాటలో కొంత నిజం ఉన్నందువల్ల ఇది మరింత ప్రమాదకరమైంది. పెరటి తెల్ల గొడుగు విషం వేడికి కొంత బలహీనపడుతుంది, అయినా వండిన కూర తిని ఆసుపత్రికి వచ్చినవారు ఎందరో ఉన్నారు. అమాటాక్సిన్ మాత్రం ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చెక్కుచెదరదు. చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, మజ్జిగ కూడా దాన్ని విరచలేవు. ఉడికించిన నీళ్లు పారబోసినా ముక్కల్లో విషం మిగిలే ఉంటుంది.

కొంచెం రుచి చూసి ఆగడం, కుక్కకో కోడికో పెట్టి చూడటం. అమాటాక్సిన్‌కు చేదు లేదు. తిని బయటపడినవారు రుచి బాగుందనే చెప్పారు. పైగా తిన్న ఆరు గంటలకు ముందు అది ఏ గుర్తూ చూపదు, కొన్నిసార్లు పన్నెండు గంటలు దాటుతుంది. కుక్కకు పెట్టి ఒక గంట చూసి వడ్డించుకుంటే, ఆ కుక్కా ఇంటివారూ ఒకే దారిన పోతారు. మూగజీవికి అలా పెట్టడం అసలే తప్పు.

తెల్లవి మంచివి, రంగులవి చెడ్డవన్నది, పైపొర సులువుగా ఊడితే తినవచ్చన్నది చాలా చోట్ల వినిపించే మాటలు. చంపే గొడుగుల్లో చాలావాటిది తెలుపో లేత వన్నెనో. వాటి పైపొర చక్కగా ఊడుతుంది.

ఇవన్నీ ఇంతకాలం ఎలా నిలిచాయంటే, జనం ఏరే గొడుగుల్లో అధికభాగం ఎలాగూ చంపేవి కావు కాబట్టి. పరీక్ష చేసినా చేయకపోయినా క్షేమంగా ఉండేవారే, ఆ ఘనత వెండికి దక్కింది. పరీక్ష తప్పిన ఇళ్లవారు వచ్చి చెప్పడం తక్కువ. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వారూ తరతరాలుగా ఏరుకుని తినే ప్రాంతంవారే.

## 5. తిన్నాక అనుమానం వస్తే: మొదటి అరగంట

వాంతి అయ్యేదాకా ఆగవద్దు. ఏరినవాటిలో తేడా గొడుగు కనిపించినా, పొరుగింట్లో అదే చోటివి తిన్నవారికి వాంతులైనా చాలు, వరుసగా ఇవి చేయండి.

1. నోట్లో మిగిలింది ఉమ్మించి, నోరు పుక్కిలించండి.
2. తిన్న సమయం కాగితం మీద రాయండి. రెండు పూటలు తిని ఉంటే రెండు సమయాలూ రాయండి.
3. తిన్నవారందరి పేర్లు, వయసులు, సుమారు ఎంత తిన్నారో రాయండి. చంటిబిడ్డకు రెండు ముక్కలు పెట్టినా రాయాలి. విషం మోతాదు శరీర బరువును బట్టి పనిచేస్తుంది కాబట్టి ఇరవై కిలోల పిల్లకు పెద్దవారి గరిటెడు మూడింతలవుతుంది.
4. వండకుండా మిగిలిన గొడుగులు, చెత్తలో పడేసిన కాడలు, మిగిలిన కూర తీసి పెట్టండి. పచ్చివి కాగితంలో చుట్టాలి, కూర మూత ఉన్న గిన్నెలో ఉండాలి. వాంతి అయితే అదీ కొంచెం తీయండి.
5. 108కు ఫోను చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో సలహా ఇస్తుంది. సలహా కోసం ప్రయాణం ఆపవద్దు, దారిలో మాట్లాడవచ్చు.
6. తిన్నవారందరినీ, బాగున్నవారితో సహా, ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

చేయకూడనివి:

- ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి గాని, గొంతులో వేలు పెట్టి గాని వాంతి చేయించవద్దు. సొమ్మసిల్లే మనిషికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
- విరేచనాలు ఆపే మాత్ర వేయవద్దు. అది విషాన్ని పేగుల్లోనే నిలిపి ఉంచుతుంది.
- నొప్పికో జ్వరానికో పారాసిటమాల్ సొంతంగా వేయవద్దు. కాలేయానికి దెబ్బ తగిలి ఉంటే అది మరో భారం.
- ఆముదం, సారా, పాలు, పొయ్యి బొగ్గు పొడి ఏవీ విరుగుడు కావు. ఆసుపత్రిలో ఇచ్చే యాక్టివేటెడ్ చార్‌కోల్ వేరు, ఇంటి బొగ్గు వేరు.

మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే లీటరు నీటిలో కలిపిన ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా తాగించవచ్చు. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

## 6. గడియారం చెప్పే సంగతి

తిన్న సమయానికీ మొదటి వాంతికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయన్నది వైద్యుడికి మీరు ఇవ్వగల అత్యంత విలువైన సమాచారం.

మూడు గంటల లోపు వాంతులు, విరేచనాలు మొదలైతే చాలావరకు అది పెరటి తెల్ల గొడుగులాంటి కడుపు విషం. ఒళ్లు నీరసించి పడిపోయేంతగా నీరు పోతుంది, పిల్లలకు, ముసలివారికి ఆ నీరు పోవడమే ప్రమాదం. సెలైన్ ఎక్కిస్తే ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు. అదే సమయంలో చెమటలు ధారగా కారడం, చొల్లు కారడం, కంటి పాపలు చిన్నవి కావడం కనిపిస్తే అది నరాల మీద పనిచేసే మరో విషం. పురుగుమందు లక్షణాలూ ఇలాగే ఉంటాయి కాబట్టి మందు కొట్టిన చేలో ఏరారా లేదా అన్నది వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఆరు గంటలు దాటాక మొదలైన వాంతిని, కాదని తేలేదాకా, ప్రాణాంతక విషంగానే లెక్కించాలి. అది ఎలా నడుస్తుందో ఒక లెక్క వేసి చూపిస్తాను. శనివారం రాత్రి ఎనిమిదికి కూర తిన్నారనుకోండి. రాత్రి హాయిగా నిద్రపడుతుంది. ఆదివారం ఉదయం ఆరుకు, అంటే పది గంటల తర్వాత, కడుపులో మెలిపెట్టే నొప్పి, గంజి నీళ్లలాంటి విరేచనాలు. ఆ రోజంతా అదే. సోమవారం ఉదయానికి విరేచనాలు తగ్గి, మనిషి లేచి కూర్చుని ఆకలేస్తోందంటాడు. ఇంటివారు ఊపిరి పీల్చుకుని ఇంటికి తీసుకువెళతామంటారు.

ఆ సోమవారమే కాలేయ కణాలు గుంపులుగా చస్తుంటాయి. మంగళ, బుధవారాలకు కళ్లు పచ్చబడతాయి, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, మనిషి తడబడుతూ మాట్లాడతాడు. అప్పటికి చాలా ఆలస్యమై ఉంటుంది. "తగ్గింది" అనిపించే ఆ ఒక్క రోజు మోసం తెలియకపోవడమే ఈ విషంతో పోయే ప్రాణాల్లో చాలావాటికి కారణం. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఆ రోజును గుర్తుపెట్టుకోమని వేడుకుంటున్నాను.

మూడు నుంచి ఆరు గంటల మధ్య మొదలైతే ఏ వైపూ తేల్చి చెప్పలేము. ప్రమాదమనే అనుకుని వెళ్లండి.

## 7. ఒక ఇంట్లో జరిగింది

ఉదయగిరి వైపు ఒక ఊళ్లో, అక్టోబరు చివరి ముసురులో, భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల కూతురు, నాయనమ్మ కలిసి మధ్యాహ్నం ఒంటిగంటకు పుట్టగొడుగుల పులుసు తిన్నారు. సగం పుట్ట దగ్గరవి, సగం పశువుల కొట్టం వెనక దిబ్బ మీదవి. అన్నీ ఒకే బుట్టలో వేశారు. పులుసులో పాప వెండి పట్టీ వేసి చూశారు, నల్లబడలేదు.

మూడింటికి నాయనమ్మకు వాంతులు, మూడున్నరకు పాపకు. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన విరేచనాలు ఆపే మాత్రలిచ్చి, వాతమని చెప్పి పంపాడు. ఆరుగంటలకు పాప నాలుక ఎండి, కళ్లు గుంటలు పడ్డాక నా దగ్గరకు తెచ్చారు. సెలైన్ పెట్టి, నలుగురినీ పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేస్తుంటే పాప తండ్రి అడిగాడు: "సార్, మా ఇద్దరికీ ఏమీ లేదు గదా, మేమెందుకు? గొడ్లకు మేత వేసేవాళ్లు లేరు."

"గొడ్ల సంగతి పొరుగువాళ్లకు చెబుదాం నాయనా. ఆ బుట్టలో ఎన్ని రకాలున్నాయో నీకు తెలుసా?" అని అడిగాను. తెలియదన్నాడు. అసలు విషయం అదే. రెండు గంటల్లో వచ్చిన వాంతి దిబ్బ మీది గొడుగుల పని కావచ్చు. కాని బుట్ట కలగలుపు కాబట్టి, ఆలస్యంగా పనిచేసే గొడుగు ఒకటి కూడా అందులో లేదని ఆ వాంతి రుజువు చేయదు. తొందరగా వచ్చిన వాంతి ఆలస్యంగా రాబోయేదాన్ని కప్పిపెడుతుంది.

చెత్తలో మిగిలిన రెండు విచ్చిన గొడుగులను నేనే ఆ రాత్రి గాజు మీద బోర్లించాను. ఉదయానికి రెండూ పచ్చని అచ్చే వేశాయి. ఆ మాట ఆసుపత్రికి ఫోనులో చెప్పినా, అక్కడి వైద్యురాలు నలుగురికీ కాలేయ పరీక్షలు పూటపూటకూ చేయించి, రెండు రోజులు ఉంచి, అన్నీ మామూలుగా ఉన్నాకే పంపింది. ఆమె చేసింది సరైన పని.

## 8. ఆసుపత్రిలో అడగవలసినవి, ఇంటికి వచ్చాక చూడవలసినవి

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రుల వంటి పెద్ద చోటికి నేరుగా వెళ్లడం మేలు. దగ్గరి చిన్న ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకుని వెంటనే బయలుదేరవచ్చు. వెళ్లగానే మొదటి మాటగా ఇలా చెప్పండి: "అడవి పుట్టగొడుగులు తిన్నాము, తిన్నది ఫలానా సమయానికి, మొదటి వాంతి ఫలానా సమయానికి." ఉత్త వాంతులు, విరేచనాలని చెబితే కలుషితాహారం కింద చూసి పంపివేసే వీలుంది.

మర్యాదగా అడగవలసినవి ఇవి:

- కాలేయ పరీక్షలు, రక్తం గడ్డకట్టే సమయం, క్రియాటినిన్, చక్కెర ఇప్పుడు చేస్తారా, మళ్లీ ఎప్పుడు చేస్తారు? మొదటి రోజు అన్నీ మామూలుగా రావడం సహజం, అందుకే ఒక్కసారి చేసి వదలకూడదు.
- చార్‌కోల్ ఇవ్వడానికి ఇంకా సమయం ఉందా?
- ఆరు గంటలు దాటి మొదలైంది కాబట్టి ఎన్-అసిటైల్ సిస్టీన్ మొదలుపెడతారా? పారాసిటమాల్ విషానికి వాడే మందే ఇది కాబట్టి పెద్ద ఆసుపత్రుల్లో దొరుకుతుంది. ఈ విషానికి ప్రత్యేకంగా వాడే సిలిబినిన్ ఇంజెక్షన్ దొరకడం కష్టం.
- రక్తం గడ్డకట్టే సమయం పెరుగుతుంటే కాలేయ మార్పిడి వసతి ఉన్న చెన్నైకో హైదరాబాదుకో ఎప్పుడు పంపుతారు? మనిషి మగతలోకి జారకముందే ప్రయాణం మొదలవాలి.

అమాటాక్సిన్‌కు కచ్చితమైన విరుగుడు మందు లేదు. మూత్రం ద్వారా విషం బయటికి పోయేలా సెలైన్ ఎక్కిస్తూ, కాలేయాన్ని కనిపెట్టుకుని ఉండటమే చికిత్సలో ముఖ్యభాగం. విషంలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది కాబట్టి తొందరగా చేరినవారికి లాభం ఎక్కువ.

వైద్యులు పంపాక అయిదారు రోజులు ఇంట్లో వీటిని చూస్తుండండి: కళ్ల తెల్లగుడ్డు పగటి వెలుతురులో పచ్చబడటం, మూత్రం ముదురు టీ రంగుకు మారడం లేదా బాగా తగ్గడం, పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల రక్తం ఆగకపోవడం, పగలు అతిగా నిద్రపోవడం. ఏ ఒక్కటి కనిపించినా అదే పూట తిరిగి వెళ్లాలి. ఆ వారం సారా, పారాసిటమాల్, నాటు మందులు ముట్టకూడదు.

మిగిలిన కూరను, ఎండబెట్టి దాచిన గొడుగులను వైద్యులకు చూపించాల్సిన పని ముగిశాక పశువులకు, కోళ్లకు అందకుండా గొయ్యి తీసి పూడ్చండి. అదే చోట ఏరిన ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి, వండితే తినవద్దని, తిని ఉంటే ఆసుపత్రికి వెళ్లమని ఆ రోజే చెప్పి రండి.